ఒకే సీటు, నాలుగు ఫీజులు

పదో తరగతి పరీక్షలు మొదలవకముందే భవానీపురం హౌసింగ్ బోర్డు కాలనీలో కాలేజీల పీఆర్వోలు తిరగడం మొదలవుతుంది. విజయవాడలో పిల్లలున్న ఏ ఇంటివాళ్లకైనా ఇది తెలిసిన సంగతే. సాయంత్రం ఆరు దాటాక, తండ్రి ఇంటికి చేరే వేళ చూసుకుని వస్తారు. చాలాసార్లు వచ్చేది అదే కాలేజీలో ఫిజిక్సో, లెక్కలో చెప్పే లెక్చరరే. వేసవిలో ఇన్ని అడ్మిషన్లు తేవాలని ఆయనకు టార్గెట్ పెట్టి ఉంటారు. కూర్చోగానే ఫీజు మాట ఎత్తడు. అబ్బాయికి ప్రీ-ఫైనల్లో ఎన్ని వచ్చాయి, పెద్దమ్మాయి ఎక్కడ చదివింది, మీరేం చేస్తుంటారు, ఇల్లు సొంతమేనా అని అడుగుతాడు. వాకిట్లో ఉన్న బండి చూస్తాడు. ఆ తర్వాత ముద్రించిన ఫీజు కాగితం తీసి, అందులోని అంకె మీద గీత కొట్టి, పక్కన ఇంకో అంకె వేస్తాడు. "మీకు కాబట్టి మేనేజ్‌మెంటుతో మాట్లాడి ఈ రేటుకు ఇప్పిస్తాను. పక్కింటివాళ్లకు మాత్రం చెప్పకండి" అంటాడు.

ఆ చివరి మాటలోనే ఈ అధ్యాయం విషయమంతా ఉంది. ఒకే తరగతి గది, ఒకే బెంచీ, ఒకే పాఠం. ఫీజు మాత్రం ఇంటింటికీ వేరు. ఆర్థికశాస్త్రంలో దీన్ని ధర విచక్షణ అంటారు. కేంబ్రిడ్జి ఆర్థికవేత్త ఎ.సి. పిగూ 1920లో అచ్చయిన తన సంక్షేమ అర్థశాస్త్ర గ్రంథంలో దీన్ని మూడు స్థాయిలుగా విడదీశాడు. మూడో స్థాయిలో కొనేవాళ్లను గుంపులుగా చూస్తారు. వృద్ధులకు ఒక టికెట్టు, విద్యార్థులకు ఒక టికెట్టు ఉండటం అలాంటిదే. రెండో స్థాయిలో సరుకునే రకరకాలుగా పెట్టి, ఎవరికేది కావాలో వాళ్లనే ఎంచుకోమంటారు. ఏసీ సెక్షనుకు ఒక ఫీజు, మామూలు సెక్షనుకు ఒక ఫీజు పెట్టడం ఆ కోవలోది. మొదటి స్థాయిలో గుంపులుండవు, రకాలూ ఉండవు. ఒక్కొక్క మనిషి గరిష్ఠంగా ఎంత ఇవ్వగలడో కనిపెట్టి, సరిగ్గా అంతే తీసుకుంటారు. పూర్తి రూపంలో అది లోకంలో ఎక్కడా లేదు. కానీ దానికి బాగా దగ్గరగా వెళ్లిన వ్యాపారాల్లో మన ఇంటర్ అడ్మిషన్ల బేరం ఒకటని నా అభిప్రాయం.

దగ్గరగా ఎందుకు వెళ్లిందో చూద్దాం. తక్కువకు కొన్నవాడు ఎక్కువకు మరొకరికి అమ్మగలిగితే ఈ పద్ధతి ఒక్క పూట నిలవదు. బియ్యం బస్తా అలా చేతులు మారుతుంది. కాలేజీ సీటు మారదు, హాల్‌టికెట్టు మీద ఒకే పేరుంటుంది. రెండోది, అమ్మేవాడికి ధర మీద కొంత పట్టు ఉండాలి. కాలేజీ పేరు, పేపర్లో వేసే ర్యాంకుల ఫొటోలు ఆ పట్టు ఇస్తాయి. మూడోది, ఎదుటివాడి శక్తి తెలియాలి. పీఆర్వో ఇంటికి వచ్చేది అందుకే.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. అంకెలు లెక్క కోసం నేను పెట్టినవి, కుటుంబాలు మాత్రం ఈ చుట్టుపక్కల చూసే రకాలే. గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్లో షాపున్న వ్యాపారి తన కొడుకు ఎంపీసీ సీటుకు ఏడాదికి లక్ష రూపాయల వరకు ఇవ్వడానికి సిద్ధం. బ్యాంకు ఉద్యోగి 80,000 వరకు ఇస్తాడు. సొంత లారీ తోలుకునే ఆయన 60,000, ఆటో నడిపే ఆయన 40,000, నాలుగిళ్లలో పనిచేసే తల్లి 20,000 ఇవ్వగలరు. ఒక్కో విద్యార్థి అదనంగా చేరితే కాలేజీకి పెరిగే ఖర్చు, అంటే మెటీరియల్, పరీక్షలు, లెక్చరర్ల సమయంలో ఆ పిల్లవాడి వాటా, 30,000 అనుకుందాం. దీన్నే ఉపాంత వ్యయం అంటారు.

ముందు బోర్డు మీద ఒకటే ఫీజు రాసి, అందరికీ అదే వర్తింపజేసే కాలేజీని చూద్దాం. లక్ష అని రాస్తే చేరేది ఒక్కరే, మిగిలేది 70,000. 80,000 అని రాస్తే ఇద్దరు చేరతారు, తలకు 50,000 చొప్పున లక్ష మిగులుతుంది. 60,000 అయితే ముగ్గురు, మిగిలేది 90,000. 40,000 అయితే నలుగురు చేరినా మిగిలేది 40,000 మాత్రమే. కాబట్టి కాలేజీ 80,000 దగ్గరే ఆగుతుంది. లక్ష ఇవ్వడానికి సిద్ధపడ్డ వ్యాపారి 80,000కే సీటు తెచ్చుకున్నాడు కనుక ఆయనకు 20,000 మిగిలినట్టు. ఇదే వినియోగదారుని మిగులు. బ్యాంకు ఉద్యోగికి ఏమీ మిగల్లేదు. కాలేజీకి వచ్చిన లక్ష ఉత్పత్తిదారుని మిగులు. ఈ రెండూ కలిపితే మొత్తం సంక్షేమం 1,20,000.

ఇందులో లోటు ఎక్కడుందో చూడండి. లారీ ఆయన 60,000 ఇస్తానంటున్నాడు, ఆ సీటుకయ్యే ఖర్చు 30,000. ఆటో ఆయన 40,000 ఇస్తానంటున్నాడు. ఇద్దరి విషయంలోనూ విలువ ఖర్చుకు మించే ఉంది, అయినా ఇద్దరూ బయటే ఉండిపోయారు. 30,000, 10,000 కలిపి 40,000 రూపాయల ప్రయోజనం ఎవరి చేతికీ రాకుండా పోయింది. వాళ్లకోసం ఫీజు తగ్గిస్తే పైవాళ్లకూ తగ్గించాలి కాబట్టి కాలేజీ తగ్గించదు. పనిచేసే తల్లి సంగతి వేరు. ఆవిడ ఇవ్వగలిగింది ఖర్చుకన్నా తక్కువ కనుక ఈ లెక్క ప్రకారం ఆ సీటు ఇవ్వకపోవడం నష్టం కిందికి రాదు. ఇవ్వగల శక్తినే విలువగా తీసుకునే లెక్కకు ఉన్న పెద్ద లోపం కూడా ఇదే. ఆ పిల్లకు చదువు ఎంత అవసరమో 20,000 అనే అంకె చెప్పదు.

ఇప్పుడు బోర్డు తీసేసి, మనసులో మాట పసిగట్టగల పీఆర్వోను పంపుదాం. వ్యాపారి దగ్గర లక్ష, బ్యాంకు ఉద్యోగి దగ్గర 80,000, లారీ ఆయన దగ్గర 60,000, ఆటో ఆయన దగ్గర 40,000 తీసుకుంటాడు. ఖర్చులు పోను కాలేజీకి వరసగా 70,000, 50,000, 30,000, 10,000 మిగులుతాయి. మొత్తం 1,60,000. వినియోగదారుని మిగులు సున్నా. మొత్తం సంక్షేమం 1,20,000 నుంచి 1,60,000కు పెరిగింది, పోయిన 40,000 తిరిగొచ్చింది. ఫీజును సరిగ్గా ఉపాంత వ్యయం దగ్గరే, అంటే 30,000 దగ్గర నిలబెట్టేంత గట్టి పోటీ ఉన్నా మొత్తం ఇంతే వచ్చేది. అప్పుడు ఆ 1,60,000 అంతా తల్లిదండ్రులకు దక్కేది, ఇప్పుడు అంతా కాలేజీకి దక్కింది. మొత్తం ఒకటే, చేరిన ఇల్లు వేరు.

కాలేజీకి అదనంగా వచ్చిన 60,000ను రెండు ముక్కలుగా విడదీసి చూడాలి. అందులో 40,000 కొత్తగా పుట్టింది. మిగతా 20,000 పుట్టలేదు, వ్యాపారి జేబులోంచి కాలేజీ జేబులోకి మారింది. ధర విచక్షణను పొగిడేవాళ్లు మొదటి ముక్క గురించే మాట్లాడతారు, తిట్టేవాళ్లు రెండో ముక్క గురించే మాట్లాడతారు.

నన్ను అన్నిటికన్నా ఆలోచనలో పడేసేది ఆటో ఆయన పరిస్థితి. కన్సెషన్ ఇచ్చి పేదవాడికి మేలు చేశామని కాలేజీ చెబుతుంది. సీటు వచ్చిన మాట నిజమే. కానీ ఆయన గరిష్ఠంగా ఇవ్వగలిగింది ఎంతో అంతా ఇచ్చేశాడు. మొదటి స్థాయి విచక్షణ పూర్తిగా పనిచేస్తే, సీటు తీసుకున్నా తీసుకోకపోయినా ఆయనకు ఒకటే అనిపించే చోట బేరం తెగుతుంది. ఆయన చేరికవల్ల పుట్టిన 10,000 కూడా కాలేజీదే. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఆ 40,000 కట్టాడనుకుంటే, ఆ గరిష్ఠం ఎంత బిగుతుగా ఉంటుందో ఊహించవచ్చు.

అయితే ఇదే పద్ధతికి అనుకూలంగా బలమైన వాదన కూడా ఉంది. దాన్ని ముందుగా చూసినవాడు ఫ్రెంచి ఇంజినీరు జూల్ డుపుయీ. వంతెనలు, రోడ్లు కట్టే శాఖలో పనిచేస్తూ, వంతెన వల్ల ప్రజలకు కలిగే ప్రయోజనాన్ని ఎలా కొలవాలన్న ప్రశ్నతో 1844లో ఒక వ్యాసం రాశాడు. వినియోగదారుని మిగులు అన్న ఊహ ఆర్థికవేత్త మార్షల్ పుస్తకాల్లోకి ఎక్కడానికి ఎన్నో ఏళ్ల ముందే ఆ వ్యాసంలో ఉంది. వంతెన కట్టడానికి బోలెడు ఖర్చవుతుంది, కట్టాక ఒక మనిషి అదనంగా దాటితే అయ్యే ఖర్చు దాదాపు సున్నా. అందరికీ ఒకటే సుంకం పెడితే కట్టిన ఖర్చు రాకపోవచ్చు, మనిషిని బట్టి సుంకం పెడితే రావచ్చు. మన కాలేజీకి భవనం అద్దె, ల్యాబులు కలిపి 1,30,000 స్థిర వ్యయం ఉందనుకోండి. ఒకటే ఫీజు పెడితే మిగిలేది లక్ష, అంటే కాలేజీ పెట్టడమే దండగ. ఇంటింటికీ వేరు ఫీజు పెడితే 1,60,000 వస్తుంది, కాలేజీ నిలబడుతుంది. అంటే కొన్ని చోట్ల ఎంచుకోవలసింది ఒకే ఫీజున్న కాలేజీకీ పలు ఫీజులున్న కాలేజీకీ మధ్య కాదు. కాలేజీ ఉండటానికీ లేకపోవడానికీ మధ్య. విజయవాడలాంటి చోట, వీధికో కాలేజీ ఉన్నచోట, ఈ వాదనకు బలం తక్కువ. దివిసీమలో ఒక మండలానికంతటికీ ఒకటే కాలేజీ ఉన్నచోట ఎక్కువ.

ఇంతవరకు మనసులో మాట చదవగల పీఆర్వోను ఊహించాం. నిజం పీఆర్వో అంచనా వేస్తాడు, తప్పుతాడు, తల్లిదండ్రులూ దాచుకుంటారు. వ్యాపారి ఆ పూట పాత బండి తీసి వాకిట్లో పెడతాడు. ఉద్యోగి పెద్దమ్మాయి పెళ్లి అప్పుల గురించి చెబుతాడు. చివరికి వ్యాపారి 85,000కు, ఉద్యోగి 70,000కు, లారీ ఆయన 50,000కు ఒప్పుకున్నారనుకుందాం. ఆటో ఆయన్ను పీఆర్వో 45,000 అడిగాడు, అంతకు దిగనన్నాడు. ఆయన లేచిపోయాడు. కాలేజీకి 55,000, 40,000, 20,000 కలిపి 1,15,000 మిగిలింది. ముగ్గురు తల్లిదండ్రులకు 15,000, 10,000, 10,000 కలిపి 35,000 మిగిలింది. మొత్తం 1,50,000. ఆటో ఆయన దగ్గర జారిపోయిన 10,000 మేరకు లోటు మళ్లీ తలెత్తింది.

దీనికి తోడు ఇల్లిల్లూ తిరగడానికి ఖర్చుంది. పీఆర్వో జీతం, కమిషన్, పెట్రోలు, ఫోన్లు కలిపి ఇంటికి 3,000 అనుకుంటే, పనిచేసే తల్లి ఇంటితో సహా అయిదిళ్లకు 15,000. అది తీసేస్తే కాలేజీకి మిగిలేది సరిగ్గా లక్ష. బోర్డు మీద 80,000 అని రాసి ఊరుకుంటే వచ్చేదీ అంతే! మొత్తం సంక్షేమం 1,35,000కు దిగింది. ఆ 15,000 ఎవరికీ పాఠం చెప్పలేదు, ఎవరి జేబులో ఎంతుందో కనుక్కోవడానికి పోయింది. మొదటి స్థాయి విచక్షణ పాఠ్యపుస్తకంలో ఉన్నంత అందంగా బయట కనిపించకపోవడానికి నా దృష్టిలో అసలు కారణం ఇదే. సమాచారం ఊరికే రాదు. లెక్కలు చెప్పాల్సిన మాస్టారు ఏప్రిల్ నెలంతా ఎండలో ఇళ్లు తిరగడం కూడా ఆ ఖర్చులో భాగమే, అది ఏ ఖాతాలోనూ కనిపించదు.

ప్రతి తగ్గింపూ ధర విచక్షణ కాదన్న సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. పదో తరగతిలో 600కు 590 వచ్చిన పిల్లకు కాలేజీ ఫీజే వద్దంటుంది, హాస్టల్ కూడా ఉచితం అంటుంది. దీన్ని కూడా బేరం ఖాతాలో వేస్తే పొరపాటు. మొదటి స్థాయి విచక్షణ చేసేవాడు ఎదుటివాడి గరిష్ఠం ఎంత తక్కువైనా ఉపాంత వ్యయానికి దిగువన అమ్మడు. అక్కడినుంచి ప్రతి సీటూ నష్టమే. మన లెక్కలో 30,000 కన్నా తక్కువకు, ఏకంగా సున్నాకు సీటు ఇచ్చారంటే కాలేజీ అక్కడ అమ్మడం లేదు, కొంటోంది. రేపు పేపర్లో వేసే ఫొటోను, ఆ ఫొటో చూసి వచ్చే వ్యాపారి అడ్మిషన్‌ను కొంటోంది. కాబట్టి ఒక తగ్గింపు ఏ రకానిదో తెలియాలంటే ఫీజును పక్కింటి ఫీజుతో కాదు, ఖర్చుతో పోల్చాలి. ఖర్చుకు పైన ఉన్న తేడాలు శక్తిని బట్టి వచ్చినవి. ఖర్చుకు దిగువన ఉన్నవాటికి ఇంకో కారణం వెతకాలి. హాస్టల్ పిల్లవాడికీ ఇంటినుంచి వచ్చే పిల్లవాడికీ ఉన్న తేడా లాంటిది అసలు విచక్షణే కాదు, అది తిండి ఖర్చు.

ఇక ఆ గరిష్ఠం అన్న అంకె ఎక్కడినుంచి వస్తుంది? తండ్రి మనసులోంచి మాత్రమే రాదు. ఈ సీటు కాకపోతే ఇంకేముంది అన్నదాన్ని బట్టి వస్తుంది. దగ్గర్లోని ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్చరర్లు సరిపడా ఉండి, పాఠాలు బాగా సాగితే, కార్పొరేట్ సీటుకు లక్ష ఇస్తానన్న వ్యాపారి 70,000 దగ్గరే ఆగుతాడు. ఆయన పిల్లవాణ్ని ప్రభుత్వ కాలేజీలో చేర్చకపోయినా సరే, అది అక్కడ ఉండటమే ఆయనకు 30,000 మిగిలిస్తుంది. పీఆర్వో ఎంత గడుసువాడైనా ఆ గీత దాటి అడగలేడు. ప్రభుత్వ కాలేజీ వల్ల ప్రయోజనాన్ని అందులో చేరిన పిల్లల సంఖ్యతోనే కొలిచేవాళ్లు ఈ భాగాన్ని పూర్తిగా వదిలేస్తున్నారు.

ప్రభుత్వం నేరుగా ఇచ్చే డబ్బుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. 2020లో మొదలైన అమ్మ ఒడి కింద తల్లుల ఖాతాల్లో ఏడాదికి 15,000 అని ప్రకటించారు, 2025లో తల్లికి వందనం వచ్చింది. తండ్రి ఆదాయం ఎంతో పీఆర్వో ఊహించుకోవాలి గానీ, ఈ డబ్బు ఎప్పుడు పడుతుందో, ఎంత పడుతుందో ఊరందరికీ తెలుసు. ప్రైవేటు సీటు తీసుకుంటేనే ఇస్తామని షరతు పెట్టి ఉంటే, పరిపూర్ణ విచక్షణ చేయగల కాలేజీ ఫీజును సరిగ్గా అంత పెంచి మొత్తం లాగేసుకోగలదు. కానీ పిల్లలు ప్రభుత్వ కాలేజీలో ఉన్నా ఈ డబ్బు వస్తుంది. కనుక ప్రభుత్వ కాలేజీని ఎంచుకుని డబ్బు చేతిలో ఉంచుకునే దారి తల్లికి ఉంది. ఆ దారి కన్నా అధ్వాన్నమైన బేరానికి ఆమెను ఎవరూ ఒప్పించలేరు. సాయం ఎంత అన్నదానికన్నా దానికి పెట్టిన షరతు ఏమిటన్నదే అది చివరికి ఎవరి చేతిలో మిగులుతుందో తేలుస్తుంది.

ఫీజుల నియంత్రణ మాటకొస్తే, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పాఠశాల విద్య నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్‌ను చట్టం చేసి ఏర్పాటు చేశారు. 2021 ఆగస్టులో పంచాయతీ, మున్సిపాలిటీ, కార్పొరేషన్ అని మూడు రకాలుగా స్కూళ్లకు, జూనియర్ కాలేజీలకు ఫీజులు నిర్ణయిస్తూ జీవోలు వచ్చాయి. అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు వాటిని కొట్టేసింది. ఆ వివాదం పక్కన పెట్టి, మన నాలుగు కుటుంబాల మీద అలాంటి హద్దు ఏం చేస్తుందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 60,000కు మించి వసూలు చేయకూడదన్నారనుకుందాం, అంతకన్నా తగ్గించుకోవడం కాలేజీ ఇష్టం. పసిగట్టగల పీఆర్వో మొదటి ముగ్గురి దగ్గర 60,000 చొప్పున, ఆటో ఆయన దగ్గర 40,000 తీసుకుంటాడు. కాలేజీకి మిగిలేది 90,000, 10,000 కలిపి లక్ష, అంటే బోర్డు ఫీజు రోజుల్లో వచ్చినంతే. వ్యాపారికి 40,000, ఉద్యోగికి 20,000 మిగిలాయి. నలుగురూ చేరారు కనుక మొత్తం 1,60,000 చెక్కుచెదరలేదు. బోర్డు ఫీజుతో పోలిస్తే కాలేజీకి పైసా నష్టం లేదు, తల్లిదండ్రుల మిగులు 20,000 నుంచి 60,000 అయింది.

అదే 60,000ను హద్దుగా కాక, అందరూ కట్టాల్సిన ఒకే ఫీజుగా అమలు చేస్తే కథ మారుతుంది. ఆటో ఆయన మళ్లీ బయటికి వెళ్తాడు, కాలేజీకి 90,000, మొత్తం 1,50,000. సమానత్వం పేరుతో రాయితీలను నిషేధించినప్పుడు ముందుగా సీటు పోయేది ఆయనదే. హద్దును మరీ కిందికి దించితే ఇంకో చిక్కు వస్తుంది. స్థిర వ్యయం 1,30,000 ఉన్న కాలేజీకి 60,000 హద్దు దగ్గర లక్షే మిగులుతుంది, అది మూతపడుతుంది, లేదా లెక్చరర్లను తగ్గిస్తుంది. అదే కాలేజీకి 70,000 హద్దు పెడితే మొదటి ఇద్దరి దగ్గర 40,000 చొప్పున, లారీ ఆయన దగ్గర 30,000, ఆటో ఆయన దగ్గర 10,000 మిగిలి 1,20,000 అవుతుంది, ఇంకా 10,000 తక్కువే. 75,000 పెడితే ఖర్చు సరిగ్గా సరిపోతుంది, తల్లిదండ్రులకు 30,000 మిగులుతుంది. హద్దు ఎక్కడ గీయాలో చెప్పడానికి పంచాయతీయా, కార్పొరేషనా అన్న ఒక్క వివరం చాలదు. ఆ కాలేజీ స్థిర వ్యయం ఎంతో తెలియాలి. ఆ లెక్క కాలేజీ పుస్తకాల్లో ఉంటుంది. తల్లిదండ్రుల జేబు గురించి పీఆర్వో ఎంత శ్రద్ధగా ఆరా తీస్తాడో, కాలేజీ ఖర్చు గురించి కమిషన్ కూడా అంత శ్రద్ధగా ఆరా తీయాలి.